నాచు పట్టి, సన్నని బీటలు పడిన బయటి గోడ: లప్పం పెట్టి వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా ఇల్లు రాజమహేంద్రవరంలో ఉంది. కట్టి పద్నాలుగేళ్లయింది. మూడేళ్ల క్రితం బయట రంగు వేయిస్తే, రెండు వానాకాలాలకే ఉత్తరపు గోడ ముందు పచ్చగా, తర్వాత నల్లగా అయిపోయింది. గోడంతా వెంట్రుకల్లాంటి బీటలు ఉన్నాయి. స్లాబు కింద ఒక బీట మాత్రం గోడ పొడవునా అడ్డంగా ఉంది. పెయింటరు బ్లీచింగుతో కడిగి, లప్పం పెట్టి, వాటర్‌ప్రూఫ్ పెయింటు రెండు కోట్లు వేస్తే చాలంటున్నాడు. దీపావళిలోపు పూర్తి చేస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

సమాధానం:

ఈ పద్ధతిలో అయితే ఒప్పుకోవద్దండి. మీ పెయింటరు చెప్పినదంతా తప్పని నా ఉద్దేశం కాదు. బ్లీచింగుతో కడగడం సరైన పనే, కానీ దాని తర్వాత చేయవలసిన ఇంకొక పనిని ఆయన వదిలేశారు. లప్పం బయటి గోడకు వద్దు. వాటర్‌ప్రూఫ్ పెయింటు మీ గోడకు తగునో తగదో గోడలో తడి ఎంత ఉందో చూశాక గాని చెప్పలేము. అన్నిటికన్నా పెద్ద పొరపాటు దీపావళిలోపు పూర్తి చేయడం. మన కోస్తాలో వానలు అప్పటికి ముగియవు. ఈ పనిని జనవరి చివర మొదలుపెట్టి మార్చిలోపు ముగించండి. నేను గోదావరి జిల్లాలలో ఇరవై నాలుగేళ్లుగా బయటి గోడల రంగుల పని కాంట్రాక్టుకు చేయిస్తున్నాను. ఈ మాటలన్నీ ఆ అనుభవంతో చెబుతున్నవే.

ముందుగా ఉత్తరపు గోడే ఎందుకు చెడిందో చూద్దాం. సెప్టెంబరు చివరి నుంచి మార్చి మూడో వారం దాకా మన ప్రాంతంలో ఉత్తరపు గోడ మీద నేరుగా ఎండ పడదు. సరిగ్గా ఆ కాలంలోనే, అక్టోబరు, నవంబరు నెలల్లో, మనకు తుపాను వానలు కురుస్తాయి. దక్షిణపు గోడ ఒక్క పూట ఎండకు ఆరిపోతే, ఉత్తరపు గోడ వారాల తరబడి చెమ్మగానే ఉంటుంది. నాచుకు కావలసినవి తడి, కాస్త వెలుతురు మాత్రమే కాబట్టి అది ముందు వస్తుంది, అందుకే మీకు మొదట పచ్చగా కనిపించింది. ఎండిన నాచు నల్లని పొరలా మిగులుతుంది. ఆ పొర మీద దుమ్ము నిలుస్తుంది, ఆ దుమ్మునూ రంగులోని కొన్ని పదార్థాలనూ తిని బూజు పెరుగుతుంది. మీ గోడ మీది నలుపులో ఈ రెండూ కలిసి ఉండవచ్చు.

అయితే నల్లగా ఉన్నదంతా నాచు, బూజు అనుకోకూడదు. మందుల దుకాణంలోనో కిరాణాలోనో దొరికే ద్రవరూప బ్లీచును దూదితో ఆ నలుపు మీద అద్ది, పది నిమిషాలు ఆగి చూడండి. నలుపు వెలిసిపోతే అది ప్రాణమున్న మరక, వెలవకపోతే దుమ్మో పొగో అయి ఉంటుంది. నలుపు కాకుండా తెల్లగా ఉప్పు పూసినట్టు ఉన్న చోట్లు కనిపిస్తే మాత్రం ఆగి ఆలోచించాలి. అక్కడ నీరు గోడ లోపలి నుంచి బయటికి వస్తున్నదని అర్థం, దానిని బ్లీచూ ఆపదు, రంగూ ఆపదు.

నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెట్టకుండా రంగు డబ్బా కొనవద్దు. ఒక పెద్ద వాన కురుస్తుండగా గొడుగు పట్టుకుని గోడ ఎదుట పావుగంట నిలబడి చూడండి. పిట్టగోడ పైభాగం బయటికి వాలి ఉంటే, దాని మీది దుమ్మూ నీరూ గోడ మీదికే జారతాయి, గోడ మీద నిలువుగా నల్లని చారలు ఉంటే అవి ఇలా పడినవే. సన్‌షేడ్ల అంచున అడుగు భాగంలో సన్నని గాడి లేకపోతే, నీరు బొట్లుగా కింద పడకుండా అడుగునే పాకి గోడకు చేరుతుంది. ట్యాంకు పొంగిన నీటి గొట్టం, ఏసీ నీటి గొట్టం, లోపల స్నానాల గది పైపు కీళ్లు కూడా చూడవలసినవే. వీటిని సరిచేయడానికి తాపీ మేస్త్రీకి రెండు రోజుల పని చాలు, కానీ ఆ రెండు రోజులు లేకపోతే తర్వాతి పనికి అర్థం లేదు. పిట్టగోడ మీదా సన్‌షేడ్ అంచునా కొత్తగా సిమెంటు పూసిన చోట్ల నాలుగు వారాలు ఆగిన తర్వాతే రంగు వేయాలి. పచ్చి సిమెంటులోని క్షారం రంగును మచ్చలు మచ్చలుగా పాడుచేస్తుంది.

ఇక కడగడం గురించి. ఎండిన నాచును ఇనుప బ్రష్షుతో పొడిగా గీకితే, బూజు విత్తనాలు లేచి పక్క గోడలకు, పనివాళ్ల ఊపిరితిత్తులకు చేరతాయి. అందుచేత గోడను ముందు నీటితో తడపాలి. ఒక కిలో బ్లీచింగు పొడిని ఇరవై ఐదు లీటర్ల నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగిన తర్వాత పైన తేరిన నీటిని మాత్రమే వాడాలి. అడుగు మడ్డి గోడకు అంటితే, మీద వేసే రంగు దానితో పాటే రాలుతుంది. తేరిన నీటిని గోడకు కింది నుంచి పైకి పూసి, పదిహేను ఇరవై నిమిషాలు తడి ఆరకుండా ఉంచి, గట్టి నైలాను బ్రష్షుతో రుద్ది, మంచినీటితో పై నుంచి కిందికి బాగా కడగాలి. మొండి మరకలకు అదే పని రెండోసారి చేయాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. నీళ్ల సంపు మూత మీద, తులసికోట మీద ముందే ప్లాస్టిక్ పట్టా కప్పించండి.

ఒక హెచ్చరిక. కొందరు పనివాళ్లు మరక త్వరగా పోవాలని బ్లీచింగు నీటిలో బాత్‌రూము యాసిడ్ కలుపుతారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. పరంజా మీద ఉన్న మనిషికి అది ప్రాణాపాయం. యాసిడ్ సీసా మీ ఇంటి ఆవరణలోకే రానివ్వవద్దు.

మీ పెయింటరు వదిలేసిన పని ఇక్కడ వస్తుంది. బ్లీచు కనిపించే నాచును చంపి, రంగు పోగొట్టి, కొద్ది గంటల్లోనే శక్తి కోల్పోతుంది. ప్లాస్టరు సూక్ష్మరంధ్రాలలో మిగిలిన బూజు వేళ్లు, విత్తనాలు అలాగే ఉంటాయి. కొత్త రంగు మీద ఆర్నెల్లకే మచ్చలు అదే చోట తేలడానికి కారణం ఇదే. అందుకే గోడ పైపొర ఆరిన తర్వాత, రంగుల దుకాణంలో నాచు, బూజు నివారణకని అమ్మే ద్రావణాన్ని డబ్బా మీద రాసిన పాళ్లలో పూసి, కడగకుండా ఒక రోజంతా వదిలేయాలి. బ్లీచుకూ దీనికీ తేడా అదే. దాన్ని కడగాలి, దీన్ని కడగకూడదు. ఈ తేడా తెలియని పనివాళ్లు మరుసటి పూటే దీన్ని కూడా గొట్టంతో కడిగేయడం నేను చాలాసార్లు చూశాను.

తర్వాత ఆరనివ్వడం. ఈ విషయంలో నేనే దెబ్బ తిన్నాను. పని నేర్చిన తొలి రోజుల్లో, సంక్రాంతికి ఇల్లు సిద్ధం కావాలని యజమాని తొందరపెడితే, డిసెంబరు మొదట్లో ప్రెషరు మిషనుతో గోడ కడిగించి, చేతికి పొడిగా తగులుతున్నదని మూడో రోజునే మందపాటి వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయించాను. మార్చిలో ఎండ ముదిరేసరికి గోడ మీద అరచేతి వెడల్పున బుడగలు లేచాయి. ఒక బుడగను బ్లేడుతో కోస్తే లోపల నుంచి నీరు కారింది. మిషను ఒత్తిడికి బీటల్లోకి దూరిన నీటికి బయటికి దారి లేకుండా మేమే మూత వేశాము. ఆ గోడ మొత్తం నా ఖర్చుతో గీకించి మళ్లీ వేయించాను.

అప్పటి నుంచి నేను చేసే పరీక్ష చాలా సులువైనది. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కను గోడకు నాలుగు పక్కలా టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒక రోజు ఉంచుతాను. గోడ అడుగున ఒకటి, నడుమ ఒకటి, బాత్‌రూము వెనుక ఒకటి అంటిస్తే చాలు. విప్పినప్పుడు ప్లాస్టిక్ లోపలి వైపు నీటి బొట్లు ఉన్నా, కింద గోడ రంగు ముదిరి కనిపించినా, ఇంకా ఆగాలి. ఎండ తగలని గోడకు కడిగిన తర్వాత వారం నుంచి పది రోజులు పట్టడం మామూలే. పది రోజుల తర్వాత కూడా ఒకే చోట బొట్లు వస్తున్నాయంటే, అది కడిగిన నీరు కాదు, లోపల ఏదో కారుతున్నది.

బీటల విషయానికి వస్తే, మీ గోడ మీద రెండు రకాలు ఉన్నాయి, రెండింటికీ ఒకే మందు పనిచేయదు. గోడంతా సాలెగూడులా ఉన్నవి ప్లాస్టరు ఆరేటప్పుడు కుంచించుకుపోయి వచ్చినవి. పద్నాలుగేళ్లలో అవి కదలవలసినంత కదిలేశాయి. స్లాబు కింద అడ్డంగా ఉన్నది మాత్రం కాంక్రీటు దూలానికీ ఇటుక గోడకూ మధ్య అతుకు. ఎండకు, చలికి ఆ రెండూ వేరు వేరుగా సాగి కుంచించుకుపోతాయి కాబట్టి, ఆ బీట ప్రతి ఏడూ కదులుతూనే ఉంటుంది. బీట వెడల్పు చూడడానికి ఏటీఎం కార్డు అంచు వాడండి, దాని మందం ముప్పావు మిల్లీమీటరు ఉంటుంది. అది దూరని బీటను నేను సన్నబీటగా లెక్కిస్తాను. కార్డు వదులుగా దూరి ఊగుతుంటే, లేదా బీట వెంట తుప్పు మరక ఉంటే, లేదా కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకుతూ ఏటేటా పెరుగుతుంటే, అది రంగుల పనివాడు తేల్చే విషయం కాదు, ఇంజనీరుకు చూపించాలి. సుత్తి పిడితో గోడను తట్టుకుంటూ కూడా వెళ్లండి. డొల్లగా మోగిన చోట ప్లాస్టరు ఇటుకను వదిలేసింది. అక్కడ బీటను పూడ్చి లాభం లేదు, ఆ ముక్కను కొట్టించి కొత్తగా పూయించాలి.

సాలెగూడు బీటలను ఒక్కొక్కటిగా కోయనవసరం లేదు. ప్రైమరు, దాని మీద మందపాటి సాగే పూత వాటిని కప్పగలవు. కాస్త స్పష్టంగా కనిపించేవాటిలో మాత్రం యాక్రిలిక్ క్రాక్ ఫిల్లర్‌ను బ్లేడుతో అదిమి, ఆరాక ఉప్పు కాగితంతో సమం చేయించండి.

అడ్డబీటకు కోత తప్పనిసరి, దానికి కారణం చెబుతాను. ఆ బీట చలికాలంలో పావు మిల్లీమీటరు వెడల్పున ఉండి, మరో కాలంలో అర మిల్లీమీటరుకు తెరుచుకుందనుకోండి. కోయకుండా మీద రంగు పూస్తే, బీటకు రెండు అంచులా అతుక్కుని ఉన్న ఆ పొర తన పావు మిల్లీమీటరు ముక్కలోనే రెట్టింపు సాగవలసి వస్తుంది, మామూలు రంగు దానికి చిరిగిపోతుంది. అదే బీటను ఆరు మిల్లీమీటర్ల వెడల్పు గాడిగా కోసి సాగే పదార్థంతో నింపితే, అదే పావు మిల్లీమీటరు కదలిక ఆరు మిల్లీమీటర్ల పదార్థంలో సర్దుకుంటుంది. ఆరింటికి పావు అంటే నూటికి నాలుగు పాళ్లే, అంత సాగడం ఆ పదార్థానికి తేలిక. లప్పం ఎందుకు వద్దన్నానో కూడా ఇక్కడే తెలుస్తుంది. సిమెంటు లప్పానికి సాగే గుణం లేదు. అడ్డబీటలో పెడితే మొదటి వేసవికే పక్కన మరో గీత పడుతుంది. ఇక గోడంతా పూస్తే, తడి పీల్చే ఒక బలహీనమైన పొరను ప్లాస్టరుకూ రంగుకూ మధ్య దూర్చినట్టు అవుతుంది. రంగు పెచ్చులుగా ఊడిన గోడల్లో ఆ పెచ్చు వెనుక తెల్లని లప్పం అంటుకుని ఉండడం నాకు పదింట ఆరేడు చోట్ల కనిపిస్తుంది. గోడ నునుపుగా ఉండాలన్న మోజు లోపలి గోడలకు సరే.

గాడి కోసే పద్ధతి ఇది. గ్రైండరుతోనో గీకుడు పనిముట్టుతోనో బీట వెంట ఆరు మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉండేలా కోసి, దుమ్మును బ్రష్షుతోనూ గాలితోనూ పూర్తిగా తీసి, ప్రైమరు పూసి, ఆరాక రంగు పట్టే యాక్రిలిక్ సీలెంటును నింపాలి. సిలికాన్ వద్దు, దాని మీద ఏ రంగూ నిలవదు. సీలెంటు ఆరేటప్పుడు కొంత కుంగుతుంది కాబట్టి, మర్నాడు రెండోసారి నింపాలి. దాని మీద నాలుగంగుళాల ఫైబరు మెష్ పట్టీని సాగే పూతలోనే ముంచినట్టుగా అంటించి, మీద అదే పూత మరొకసారి వేయాలి.

ఇప్పుడు పూత. గోడ మొత్తం సాలెగూడు బీటలతో ఉండి, వాన నేరుగా కొట్టే గోడ అయి, ప్లాస్టిక్ పరీక్షలో పొడిగా తేలితే, సాగే గుణమున్న మందపాటి వాటర్‌ప్రూఫ్ పెయింటు మంచి ఎంపిక. పరీక్షలో తడి కనిపించి, ఆ తడి మూలాన్ని ఆపలేని పరిస్థితి ఉంటే మాత్రం దాన్ని వేయవద్దు. మంచి రకం మామూలు ఎక్స్‌టీరియరు ఎమల్షనే వేయించండి. దాని పొర పలుచన కాబట్టి గోడలోని ఆవిరి దాని గుండా కొంత బయటికి పోగలుగుతుంది, ఆ గోడ మీద రెండు మూడేళ్లకొకసారి రంగు వేయించడం బుడగలు లేచిన గోడను గీకించడం కన్నా చవక. మందపాటి పూతకు మరో లోపం కూడా ఉంది. మెత్తగా ఉండడం వల్ల దుమ్మును పట్టుకుంటుంది, దుమ్ము మళ్లీ బూజుకు తిండి. అందుకని ఆ కంపెనీయే అనుమతిస్తే, మీద నాచు నిరోధకం కలిసిన ఎక్స్‌టీరియరు ఎమల్షన్ ఒక కోటు వేయించడం నా అలవాటు. ఆ నిరోధకం కూడా వానకు కొద్దికొద్దిగా కరిగిపోయేదే.

ఏ పూతైనా, పనిని చెడగొట్టేది ఎక్కువగా నీళ్లు కలపడమే. దీన్ని లెక్కతో పట్టుకోవచ్చు. సాగే పూత రెండు కోట్లూ కలిపి ఒక లీటరు సుమారు ఇరవై ఏడు చదరపు అడుగులకు వస్తుంది. అంటే తడిగా ఉన్నప్పుడు నాలుగు వందల మైక్రాన్లు, అందులోని నీరు ఆవిరయ్యాక దాదాపు సగం, రెండు వందల మైక్రాన్లు మిగులుతుంది. వెంట్రుక బీటను కప్పేది ఆ మందమే. మీ పెయింటరు అదే లీటరుతో యాభై అడుగులు లాగితే, మిగిలేది మామూలు రంగు పొరకు ఎక్కువ కాదు. డబ్బులు మాత్రం వాటర్‌ప్రూఫ్ పెయింటుకే ఇచ్చి ఉంటారు. అందుకే గోడ కొలత, డబ్బాల లెక్క మీ దగ్గర ఉంచుకోండి.

కాకినాడలో నేను చేయించిన ఒక ఇల్లు దాదాపు మీ గోడలాంటిదే, దాని లెక్క చెబుతాను. ఉత్తరపు గోడ వెడల్పు ముప్పై అడుగులు, ఎత్తు ఇరవై రెండు, కిటికీలు పోను ఆరు వందల చదరపు అడుగులు. జనవరి రెండో వారంలో కడిగించి, నాచు నివారణ ద్రావణం పూయించాము. పదో రోజు ప్లాస్టిక్ పరీక్షలో గోడ అడుగున, నడుమ అంటించిన రెండు ముక్కలూ పొడిగా వచ్చాయి, బాత్‌రూము వెనుక అంటించినది మాత్రం బొట్లు కట్టింది. లోపల టైలు తీయించి చూస్తే నేల కింద గొట్టం కీలు దగ్గర కారుతున్నది. అది బాగుచేయించి, మరో మూడు వారాలు ఆగి, అదే చోట మళ్లీ పరీక్షించాక గాని ప్రైమరు తెరవలేదు. ముప్పై అడుగుల అడ్డబీటకు కోత, నింపుడు, మెష్ కలిపి ఇద్దరికి మూడు రోజులు పట్టింది. క్షారాన్ని తట్టుకునే ఎక్స్‌టీరియరు ప్రైమరు ఒక కోటుకు పది లీటర్లు, సాగే పూతకు ఇరవై రెండు లీటర్లు అయ్యాయి. కోటుకూ కోటుకూ మధ్య ఒక రోజు విడిచాము. ఉదయం గోడ మీది మంచు ఆరేదాకా, అంటే తొమ్మిదిన్నర దాకా, బ్రష్షు ముట్టనివ్వలేదు.

ఆ గోడను రెండు వానాకాలాల తర్వాత చూసి వచ్చాను. అడ్డబీట తెరుచుకోలేదు, సాలెగూడు కనిపించలేదు. పై అంతస్తులో మాత్రం అద్దెకున్నవారు కొత్త ఏసీ పెట్టించి దాని గొట్టాన్ని గోడకే వదిలేయడంతో, దాని కింద అరచేతి వెడల్పున, ఆరడుగుల పొడవున పచ్చని చార పడింది. గొట్టాన్ని డ్రైను దాకా పొడిగించి, ఆ చారను తేరిన బ్లీచింగు నీటితో తుడిపించి, మర్నాడు నివారణ ద్రావణం పూయించాను. దానికి పట్టింది గంటన్నర పని, రంగు ముట్టవలసిన అవసరం రాలేదు.